బ్రిడ్జ్ కాల్‌లో ఆలస్యంగా చేరేవాళ్లకోసం నోట్స్ ఎలా రాయాలి?

ప్రశ్న: మా టీమ్‌లో ప్రొడక్షన్ ఇష్యూ వచ్చినప్పుడు బ్రిడ్జ్ కాల్ రెండు మూడు గంటలు నడుస్తుంది. పావుగంటకో కొత్త మనిషి చేరి "ఏమైంది?" అంటారు, మళ్లీ మొదటినుంచి చెప్పాలి. ఇకమీదట నోట్స్ నన్ను రాయమన్నారు. వచ్చినవాళ్లు రెండు నిమిషాల్లో అందుకునేలా ఎలా రాయాలి?

జవాబు:

హైదరాబాద్‌లో ఒక సప్లై చెయిన్ అప్లికేషన్‌కి సపోర్ట్‌లో ఆరేళ్లుగా ఉన్నాను. ఈ పని నాకు మొదటిసారి అప్పజెప్పినప్పుడు నేను చేసిన ఒక తప్పువల్ల గంటకు పైగా పోయింది. ఎలా రాయాలో నాకు అర్థమైంది ఆ రాత్రే కాబట్టి దాంతోనే మొదలుపెడతాను.

శనివారం, సేల్ రోజు. రాత్రి 10:10కి ఆర్డర్లు పడటం నెమ్మదించింది, పదింట్లో మూడు టైమవుట్. కాల్ మొదలైంది. నేను షేర్డ్ డాక్యుమెంట్ తెరిచి, ఎవరు ఏమంటే అది టైము వేసి వరసగా రాసుకుంటూ పోయాను. 10:25కి మాలో ఒక సీనియర్ "టైమవుట్లంటే ఇది నెట్‌వర్కే అయ్యుంటుంది" అన్నాడు. ఎవరూ కాదనలేదు. వరస పొడుగవుతోంది కదా, వచ్చేవాళ్లకు తేలిగ్గా ఉంటుందని పైన ఒక సారాంశం పెట్టాను. అందులో "కారణం: నెట్‌వర్క్" అని రాశాను.

10:45కి నెట్‌వర్క్ ఇంజనీర్ చేరాడు. అది చదివి, ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా ఫైర్‌వాల్ లాగ్స్‌లో పడ్డాడు. 10:55కి డేటాబేస్ అడ్మిన్ చేరింది. చదివింది, "అయితే నా అవసరం లేదు, కావాలంటే ఫోన్ చేయండి" అని చాట్‌లో పెట్టి వెళ్లిపోయింది. నా నోట్స్ బ్రహ్మాండంగా పనిచేశాయని ఆ క్షణాన నిజంగానే అనుకున్నాను. ఇద్దరూ రెండేసి నిమిషాల్లో అందుకున్నారు మరి. 11:30కి ఎవరో అప్లికేషన్ లాగ్స్ కిందిదాకా చూస్తే ఇది కనబడింది:

```
FATAL: sorry, too many clients already
```

మా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ ఇక కొత్త కనెక్షన్లు ఇవ్వలేనని చెప్పే మాట ఇది. నెట్‌వర్క్‌కి సంబంధమే లేదు. వెళ్లిపోయిన అడ్మిన్‌ని మళ్లీ ఫోన్ చేసి పిలిచాం.

ఆలస్యంగా వచ్చినవాళ్లు మన సారాంశాన్ని నమ్ముతారు. మొదటినుంచి కాల్‌లో ఉన్నవాళ్లకు "అయ్యుంటుంది" అన్న గొంతులోని సందేహం వినబడింది. వచ్చినవాళ్లకు మిగిలింది నేను టైపు చేసిన రెండు మాటలే. అందుకే తెలిసినదాన్నీ అనుమానాన్నీ ఒకే గడిలో రాయకూడదు. అనుమానం పక్కన అది ఎవరిది, దేన్నిబట్టి అన్నారు, ఎవరు సరిచూస్తున్నారు అన్నది ఉండాలి. "నెట్‌వర్క్ అని అనుమానం, టైమవుట్లను బట్టి, ఇంకా సరిచూడలేదు" అని నేను రాసి ఉంటే ఆ అడ్మిన్ కాల్ వదిలి వెళ్లేది కాదు.

11:35కి డాక్యుమెంట్‌ని రెండు భాగాలు చేశాను. అప్పటినుంచి అలాగే చేస్తున్నాను. పై భాగం "ఇప్పుడు". దీన్ని ప్రతిసారీ చెరిపి కొత్తగా రాస్తాను. కింది భాగం "జరిగింది". అందులో కొత్త వరసలు చేర్చడమే, పాతది ముట్టుకోను. తప్పని తేలిన మాటను కూడా కింద అలాగే ఉంచి, దాని తర్వాత "10:25 నాటి నెట్‌వర్క్ అనుమానం తప్పు" అని ఇంకో వరస వేస్తాను. మొదట్లో నేను రెంటినీ కలిపేశాను. పైది పాతబడింది, కిందది ఎవరూ చదవలేనంత పొడుగైంది. మేం రాసేది ఇంగ్లీషులోనే. 11:45కి పై భాగంలో ఉన్నదాన్ని తెలుగులో పెడుతున్నాను:

> ఇప్పుడు (రాత్రి 11:45, ఐఎస్‌టీ)
> కస్టమర్‌కి కనబడేది: ఆర్డర్లలో సుమారు మూడో వంతు టైమవుట్. 10:10 నుంచి.
> తెలిసింది: డేటాబేస్ కనెక్షన్ల పరిమితి 100 నిండిపోతోంది. లాగ్‌లోనూ డేటాబేస్‌లోనూ చూశాం.
> అనుమానం: ఆర్డర్ సర్వీస్ ఎక్కువ కనెక్షన్లు పట్టుకుంటోంది. అడ్మిన్ సరిచూస్తున్నారు, 11:55కి చెబుతారు.
> చేసి చూసినవి: ఫైర్‌వాల్ చూశాం, తేడా లేదు. 11:05కి సర్వీస్ రీస్టార్ట్ చేశాం, ఐదు నిమిషాలు బాగుండి మళ్లీ మొదలైంది.
> చేయొద్దు: డేటాబేస్ రీస్టార్ట్ వద్దు, గోడౌన్ బ్యాచ్ నడుస్తోంది.
> ఈ రోజు మారినవి: సాయంత్రం 7:30కి ఆర్డర్ సర్వీస్ రిలీజ్.
> కావలసింది: ఆ రిలీజ్‌లో ఏం మారిందో తెలిసినవాళ్లు.

11:50కి రిలీజ్ చూసుకునే ఆమె నిద్రలోంచి లేచి కాల్‌లో చేరింది. ఇది చదివి నేరుగా అడిగింది: "ఆర్డర్ సర్వీస్ ఇప్పుడు ఎన్ని పాడ్స్ మీద నడుస్తోంది?" ఆరు అన్నారు. ఆ రిలీజ్‌లో ఒక్కో పాడ్ పట్టుకోగల కనెక్షన్ల పరిమితిని, అంటే `maximumPoolSize`ని, 10 నుంచి 20కి పెంచారు. మామూలు రోజుల్లో నాలుగు పాడ్స్‌కి 80 కనెక్షన్లు, సరిపోతాయి. సేల్ రద్దీకి పాడ్స్ వాటంతటవే ఆరుకి పెరిగాయి, 120 కావాల్సివచ్చింది. `max_connections` మాత్రం పోస్ట్‌గ్రెస్ డీఫాల్ట్ 100 దగ్గరే ఉంది. పూల్ మళ్లీ 10కి తగ్గించాం, ఆరు పాడ్స్‌కి 60. 12:20కి ఆర్డర్లు మామూలుగా పడ్డాయి.

7:30 రిలీజ్ సంగతి నా పాత నోట్స్‌లో లేకపోలేదు. కాల్ మొదలైన రెండో నిమిషంలోనే ఎవరో చెప్పారు, నేనూ రాశాను. కాకపోతే అది నలభై వరసల మధ్య ఎక్కడో ఉండిపోయింది. అందుకే "ఈ రోజు మారినవి" అన్నది పై భాగంలో ఎప్పుడూ ఉండాలి. వాటికి సంబంధం లేదనిపించినా తీయకండి. ఆ సంబంధం పట్టుకోగలిగిన మనిషి ఇంకా కాల్‌లో చేరకపోయి ఉండవచ్చు.

అమెరికాలో అడవి మంటలు ఆర్పేవాళ్లు వాడే పద్ధతిలో ఐసీఎస్ 201 అనే ఫారం ఉంది. మొదట చేరుకున్నవాళ్లు పరిస్థితి, లక్ష్యాలు, చేసినవి టైములతో సహా, ఎవరెవరు ఉన్నారు, ఏ సామగ్రి ఉంది అన్నది రాసిపెడితే తర్వాత వచ్చి బాధ్యత తీసుకునే అధికారి దాన్నిబట్టే మొదలుపెడతాడు. నేను పడుతూ లేస్తూ చేరిన గడులు దాదాపు అవే అని చూసి ఆశ్చర్యపోయాను.

ఎంత రాయాలంటే, ఫోన్‌లో తెరిస్తే ఒకటిన్నర స్క్రీన్ దాటకూడదు. అర్ధరాత్రి లేచినవాళ్లు చూసేది ఫోన్‌లోనే. నూటయాభై మాటలకు మించుతోందంటే "చేసి చూసినవి" గడిలోంచి పాతవాటిని కిందికి దించండి, ఫలితం ఒక్కటి పైన ఉంచండి. "రీస్టార్ట్ చేశాం" అని ఊరుకుంటే వచ్చిన ప్రతివాళ్లూ "మరి తగ్గిందా?" అంటారు.

ఎంతకోసారి రాయాలంటే, ఏదైనా తేలినప్పుడూ, నిర్ణయం జరిగినప్పుడూ, ఈ రెండూ లేకున్నా పది నిమిషాలకోసారి. ఏమీ మారకపోయినా పైన టైము మార్చండి. 11:45 అని ఉన్న సారాంశాన్ని 12:15కి చదివేవాళ్లకు, అరగంటగా ఏమీ జరగలేదో మీరు రాయడం మానేశారో తెలియదు. ఇక వాళ్లు నోట్స్ వదిలేసి గొంతెత్తి అడుగుతారు. విదేశాల్లో ఉన్న టీమ్‌లు కూడా చేరతాయంటే టైము పక్కన ఐఎస్‌టీ అని తప్పక రాయండి.

రాసింది పైకి చదవాలి. ఇది మొదట్లో నాకు చాలా మొహమాటంగా ఉండేది, సీనియర్ల మాటల మధ్యలో దూరడం. ఇప్పుడు మాటలు కాస్త ఆగిన చోట "ఒక్క నిమిషం, నేను రాసుకున్నది చదువుతాను" అని తెలిసింది, అనుమానం రెండు గడులు మాత్రం చదువుతాను. ఇరవై సెకన్లు పడుతుంది. ఆ రాత్రి 10:30కి నేను "కారణం నెట్‌వర్క్" అని పైకి చదివి ఉంటే, ఆ మాట అన్న సీనియరే "అబ్బే, అది నా ఊహ, అలా రాయకు" అనేవాడు. తర్వాత నాతో అన్నాడు కూడా.

లింకు విషయంలో ఒక జాగ్రత్త. కొన్ని మీటింగ్ యాప్‌లలో మధ్యలో చేరినవాళ్లకు, వాళ్లు రాకముందు చాట్‌లో పెట్టింది కనబడదు. మొదట్లో ఒకసారి పెట్టి ఊరుకుంటే అది ఉన్నవాళ్లకే. నేను మీటింగ్ ఆహ్వానంలోనే లింకు పెడతాను, ఎవరు చేరినా చాట్‌లో మళ్లీ అతికిస్తాను. కాల్ నడిపించే మనిషితో ముందే మాట్లాడుకోండి. ఎవరైనా చేరగానే "నోట్స్ లింకు చాట్‌లో ఉంది, రెండు నిమిషాలు చదివి అప్పుడు అడగండి" అనాల్సింది వాళ్లు. మీరంటే కొందరు వినరు, వాళ్లంటే వింటారు.

పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుందంటే, వచ్చినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న వినండి. దానికి జవాబు పై భాగంలో ఉంటే వాళ్లు చదవలేదన్నమాట, లింకు మళ్లీ ఇవ్వండి. జవాబు అందులో లేకపోతే అప్పటికప్పుడు చేర్చండి, తర్వాత వచ్చేవాళ్లూ అదే అడుగుతారు. "చేయొద్దు" అన్న గడి నాకు అలాగే వచ్చింది. ఆ రాత్రి వచ్చినవాళ్లలో ఇద్దరు "డేటాబేస్ రీస్టార్ట్ చేద్దామా?" అనే మొదలుపెట్టారు.

ఒకటి గట్టిగా చెబుతాను: రాసే మనిషి సమస్య వెతకకూడదు. మీకు లాగ్స్ చదవడం వచ్చు కాబట్టి చేయి ఆగదు, నాకూ ఆగేది కాదు. లాగ్స్‌లో పడిన పది నిమిషాల్లో మూడు మాటలు జారిపోతాయి, వాటిలో ఒకటి నిర్ణయం అయ్యుంటుంది. మీ అవసరం నిజంగా అటు ఉంటే రాసే పని ఇంకొకరికి ఇచ్చేసి వెళ్లండి.

కాల్ రెండు గంటలు దాటితే ఎలాగూ ఇచ్చేయాలి, ఆ తర్వాత చెవి సరిగా వినదు. నేను ఇచ్చేటప్పుడు విడిగా ఏమీ వివరించను. కొత్తగా తీసుకునేవాళ్లను పై భాగం చదివి, కాల్‌లో అందరికీ పైకి వినిపించమంటాను. ఎక్కడైనా తడబడితే ఆ వరస అక్కడే సరిచేసి డాక్యుమెంట్ వాళ్ల చేతికిస్తాను.