ఆరు ఎపిసోడ్లకు ఒకే రూపం: తెలుగు లోయర్ థర్డ్‌లు, టైటిల్ కార్డులు చేయాలనుకునే విద్యార్థికి

ప్రశ్న: నేను డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. రెండేళ్లుగా తెలిసినవాళ్ల యూట్యూబ్ చానెళ్లకు, తెర కింది భాగంలో పేరు, హోదా చూపే పట్టీలైన లోయర్ థర్డ్‌లు, టైటిల్ కార్డులు చేస్తున్నాను. ఈ మధ్య ఒక పోస్ట్ ప్రొడక్షన్ స్టూడియోకు నా పనులు కూర్చిన షోరీల్ వీడియో పంపితే, “యానిమేషన్ బాగుంది, కానీ పేర్లు చదవలేకపోతున్నాం, ఎపిసోడ్‌కో రకంగా ఉన్నాయి” అన్నారు. ఈ రంగంలో ఉద్యోగం కావాలంటే నేను ఏం నేర్చుకోవాలి, ఏం చేసి చూపించాలి?

జవాబు: స్టూడియో వారు చెప్పిన రెండు లోపాలకు మూలం ఒక్కటే అని నా అభిప్రాయం. చేతికి వచ్చిన మొదటి పేరును తెర మీద పెట్టి, అది అందంగా కనబడే వరకు దిద్దుకొని, దానినే నమూనాగా వాడుకోవడం ఈ పనిలో కొత్తగా అడుగుపెట్టిన చాలామందికి ఉండే అలవాటు. అలా చేసిన నమూనాలోకి రెండో ఎపిసోడ్‌లో పొడవైన పేరు, మూడో ఎపిసోడ్‌లో వత్తులు నిండిన ఊరి పేరు వచ్చినప్పుడు అది ఇమడదు. అప్పుడు అక్షరం సైజు తగ్గిస్తారు, పట్టీని కాస్త పైకి జరుపుతారు, ఆరో ఎపిసోడ్‌కు వచ్చేసరికి మొదటి రూపం మిగలదు. కాబట్టి సిరీస్ మొత్తంలో వచ్చే పేర్లలో అన్నిటికంటే కష్టమైన దానిని ముందుగా వెతికి, దాని చుట్టూ నమూనా కట్టడం మీరు నేర్చుకోవాలి.

దీనికి ఒక అభ్యాసం చెబుతాను. మీ తదుపరి షోరీల్ కూడా ఇదే కావచ్చు. మన చేనేత ఊళ్ల మీద ఆరు ఎపిసోడ్ల డాక్యుమెంటరీ సిరీస్ ఉందనుకోండి: మంగళగిరి, వెంకటగిరి, ఉప్పాడ, పోచంపల్లి, గద్వాల, నారాయణపేట. ఈ ఆరు పేర్లను ఒకే ఫాంట్‌లో ఒకదాని కింద ఒకటి టైపు చేసి చూడండి. మంగళగిరి, వెంకటగిరి, నారాయణపేట అనే వాటిలో వత్తు లేదు. ఉప్పాడలో పకారపు వత్తు, పోచంపల్లిలో లకారపు వత్తు, గద్వాలలో వకారపు వత్తు ఉన్నాయి. టైటిల్‌ను తెర మధ్యకు తెమ్మని సాఫ్ట్‌వేర్‌కు చెబితే అది అక్షరాల పై అంచు నుంచి కింది అంచు వరకు కొలిచి మధ్యకు తెస్తుంది, దానితో వత్తు ఉన్న మూడు పేర్లు, లేని మూడు పేర్ల కంటే కొన్ని పిక్సెళ్లు పైకి వెళ్లి కూర్చుంటాయి. ఒక్కో ఎపిసోడ్ విడిగా చూసేవారికి ఇది తెలియదు. ఆరు టైటిల్ కార్డులను పక్కపక్కన పెట్టి చూసే ఎడిటర్‌కు మాత్రం వెంటనే తెలుస్తుంది. అందుకే స్థానాన్ని అక్షరాల ఎత్తుతో కాక, అవి నిలబడే ఆధారరేఖతో నిర్ణయించాలి. ఆరు కార్డులలోనూ ఆధారరేఖ ఒకే పిక్సెల్ వరుసపై ఉంటే, వత్తులు కిందికి ఎంత దిగినా పేరు కదిలినట్టు అనిపించదు.

ఇక లోయర్ థర్డ్ సంగతి. న్యూస్ చానెళ్లలో దీనిని చాలామంది ఆస్టన్ అంటారు. మీరు ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు ఆ మాట వినబడితే తడబడకండి. 1920 పిక్సెళ్ల వెడల్పు, 1080 పిక్సెళ్ల ఎత్తు గల ఫ్రేమ్‌లో అక్షరాలకు సురక్షిత హద్దు ప్రతి అంచు నుంచి 5 శాతం అని నేటి ప్రసార ప్రమాణాలు చెబుతాయి. అంటే ఎడమ, కుడి అంచుల నుంచి 96 పిక్సెళ్లు, పై, కింది అంచుల నుంచి 54 పిక్సెళ్లు వదలాలి. పాత టీవీల కాలంలో ఇది 10 శాతం ఉండేది. కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో ముందుగా కనబడే గీతలు ఇప్పటికీ ఆ పాత కొలతవే కాబట్టి, గీతలను నమ్మేముందు సెట్టింగులలో శాతం ఎంత ఉందో చూసుకోండి. ఇక్కడ తెలుగుకు ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటి అవసరం. ఇంగ్లీషు పాఠాలు చూసి నేర్చుకున్నవారు ఆధారరేఖను హద్దుకు ఆనించి సరిపెట్టుకుంటారు. మనకు హద్దు లోపల ఉండవలసింది అన్నిటికంటే కిందికి దిగిన వత్తు అడుగుభాగం.

అంకెలతో చూద్దాం. పట్టీ ఎత్తు 160 పిక్సెళ్లు అనుకొని, దానిని పై నుంచి 840వ వరుస దగ్గర మొదలుపెట్టి 1000వ వరుస దగ్గర ముగిద్దాం. కింది హద్దు 1026 కాబట్టి ఇంకా కొంత ఊపిరి ఉంటుంది. పేరు సైజు 56, హోదా సైజు 36. పేరు ఆధారరేఖను 900వ వరుసపై పెట్టామనుకోండి. మీరు ఎంచుకున్న ఫాంట్‌లో “శాస్త్రి” వంటి మాట వత్తులు 26 పిక్సెళ్లు దిగితే అవి 926 వరకు వస్తాయి. కింద ఉన్న హోదాలో గుడులు, తలకట్లు దాని ఆధారరేఖకు 30 పిక్సెళ్లు పైకి లేస్తాయనుకుందాం. హోదా ఆధారరేఖను ఇంగ్లీషు అలవాటు ప్రకారం 950 మీద పెడితే గుడి 920 దగ్గరకు చేరి, పై వరుస వత్తును గుద్దుకుంటుంది. దూరం నుంచి చూసేవారికి అక్కడ ఒక ముద్ద కనబడుతుంది గానీ అక్షరం కనబడదు. అదే ఆధారరేఖను 968కి దించితే గుడి పైభాగం 938 దగ్గర ఉంటుంది, మధ్యలో 12 పిక్సెళ్ల ఖాళీ మిగులుతుంది, హోదా వత్తులు కూడా పట్టీ లోపలే ఉంటాయి. ఈ 26, 30 అనే అంకెలు ఫాంట్‌ను బట్టి మారతాయి కాబట్టి వాటిని గుర్తుపెట్టుకోనవసరం లేదు. మీ ఫాంట్‌లో “శాస్త్రి”, “కృష్ణ”, “కార్యదర్శి” అని టైపు చేసి, పెద్దది చేసి, స్వయంగా కొలవండి. అక్షరాల మధ్య దూరాన్ని మాత్రం పెంచకండి. ఇంగ్లీషు పెద్ద అక్షరాలకు అది అందాన్నిస్తుందేమో గానీ, తెలుగు మాట ముక్కలై, చూపు ఒక్కో అక్షరం దగ్గర ఆగుతుంది.

పట్టీ వెడల్పు పేరును బట్టి పెరగాలి, ఎత్తు మాత్రం మారకూడదు. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో చాలామంది ఎత్తును కూడా అక్షరాలను బట్టి పెంచే సూత్రం రాస్తారు, దానితో వత్తు ఉన్న పేరు వచ్చినప్పుడల్లా పట్టీ లావవుతుంది. పేరు, హోదా లేయర్లకు `Peru`, `Hoda` అని పేర్లు పెట్టి, పట్టీగా గీసిన దీర్ఘచతురస్రం సైజుకు ఈ చిన్న సూత్రం ఇవ్వండి:

```
var a = thisComp.layer("Peru").sourceRectAtTime().width;
var b = thisComp.layer("Hoda").sourceRectAtTime().width;
[Math.max(a, b) + 48, 160]
```

రెండు వరుసలలో పొడవైన దానికి, ఇరువైపులా 24 పిక్సెళ్ల చొప్పున ఖాళీ కలిపి వెడల్పు వస్తుంది. దీర్ఘచతురస్రం మధ్య నుంచి రెండు వైపులకూ పెరుగుతుంది కాబట్టి, ఎడమ అంచు 96 దగ్గర నిలవాలంటే దాని స్థానాన్ని సగం వెడల్పు మేరకు కుడికి జరిపే సూత్రం కూడా రాయాలి. అక్షరాలు 120 దగ్గర మొదలవుతాయి. వెడల్పుకు ఒక గరిష్ఠ పరిమితి పెట్టుకోండి. నేనైతే ఫ్రేమ్‌లో సగం దాటనివ్వను. హోదా అంతకంటే పొడవైతే సైజు తగ్గించకుండా మాటలు తగ్గించాలి. “ప్రాథమిక చేనేత సహకార సంఘం పూర్వ కార్యదర్శి” అన్నది “పూర్వ కార్యదర్శి, చేనేత సంఘం” అయితే ప్రేక్షకుడికి నష్టమేమీ లేదు. ఇది డిజైనర్ ఒక్కడే తీసుకునే నిర్ణయం కాదు కాబట్టి, దర్శకుడిని అడిగి చేయండి.

ఫాంట్ ఎంపికలో నాకు గట్టి అభిప్రాయం ఉంది: అందమైన ఫాంట్ టైటిల్ కార్డుకు, నిరాడంబరమైన ఫాంట్ పేర్లకు. రామభద్ర వంటి లావు అక్షరాలు పెద్ద సైజులో గంభీరంగా ఉంటాయి. అదే ఫాంట్‌ను 36 సైజులో పెడితే “థ”, “ఠ” లోపలి చుక్కలు మూసుకుపోయి, “బ”కు “భ”కు తేడా తెలియదు. నోటో శాన్స్ తెలుగులో పలుచని రూపం నుంచి లావు రూపం వరకు అనేక మందాలు ఉన్నాయి కాబట్టి పేరుకు కొంచెం లావుది, హోదాకు మామూలుది వాడి ఒకే కుటుంబంలో పని ముగించవచ్చు. యూనికోడ్ కాని అను ఫాంట్లలో చేసిన పాత నమూనాలు చాలా స్టూడియోలలో ఇంకా నడుస్తున్నాయి, అందువల్ల వాటిని తెరిచి సవరించడం తెలిసి ఉండాలి. అయితే ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో అదే అక్షరం అర్థం లేని గుర్తులుగా మారుతుంది, పేర్ల జాబితా నుంచి నేరుగా కాపీ చేయడమూ కుదరదు. కొత్తగా కట్టే నమూనాకు యూనికోడ్ ఫాంటే మంచిది. ప్రీమియర్ ప్రోలో వత్తులు విడిపోయి పక్కన నిలబడితే తప్పు ఫాంట్‌ది కాకపోవచ్చు. చాలా వెర్షన్లలో గ్రాఫిక్స్ ప్రాధాన్యాలలో టెక్స్ట్ ఇంజిన్‌ను `South Asian and Middle Eastern`కు మార్చాలి.

రంగుల గురించి ఒక్క మాట. ఎగుమతి చేసిన వీడియోలో వెలుగు వివరాలు పూర్తిగా ఉంటాయి గానీ, రంగు వివరాలు సాధారణంగా అడ్డంగా సగం, నిలువుగా సగమే మిగులుతాయి. నీలి పట్టీ మీద ఎర్రని అక్షరాలు ఎడిటింగ్ తెరపై పదునుగా కనబడి, అప్‌లోడ్ చేశాక అంచులు కరిగిపోయినట్టు కనబడడానికి కారణం అదే. అక్షరానికీ పట్టీకీ తేడా వెలుగులో ఉండాలి. మన సిరీస్‌లో తెల్లని మంగళగిరి నూలు చీరలు ఆరబెట్టిన దృశ్యం మీద తెల్లని అక్షరం మాయమవుతుంది, కాబట్టి ముదురు పట్టీ తప్పనిసరి. అది పారదర్శకంగా ఉండాలని పట్టుబడితే, సిరీస్‌లోని అత్యంత ప్రకాశవంతమైన ఫ్రేమ్ మీద పెట్టి చూశాకే ఒప్పుకోండి. ఎపిసోడ్‌కు ఎపిసోడ్‌కు మారేది పట్టీ ఎడమ అంచున ఉండే సన్నని రంగు గీత ఒక్కటే కావాలి, అది ఆ ఊరి చీర అంచు నుంచి తీసుకున్న రంగైతే మరీ మంచిది.

రూపంలో ఏకత్వం కుదిరినా మాటలలో కుదరకపోతే సిరీస్ అతుకుల బొంతలాగే కనబడుతుంది. ఒక ఎపిసోడ్‌లో “నేతన్న”, మరొక దానిలో “చేనేత కార్మికుడు”, ఇంకొకచోట పేరు ముందు “శ్రీ”, వేరొకచోట పేరు చివర “గారు” ఉంటే, మీరు ఎంత శ్రద్ధగా కొలతలు వేసినా ప్రయోజనం ఉండదు. షూటింగ్ ముగిసేలోగా పేరు, హోదా, ఊరు అనే మూడు గళ్ల పట్టిక తయారుచేసి, పేర్లను ఆయా వ్యక్తులతోనే సరిచూపించుకోవాలి. ఇంటిపేరు అక్షరం తప్పు పడితే ఆ కుటుంబం ఆ ఎపిసోడ్‌ను ఎవరికీ చూపించుకోలేదు.

పట్టీ తెర మీద ఎంతసేపు ఉండాలన్నది కూడా అడుగుతారు. పేరును, హోదాను తొందరపడకుండా రెండుసార్లు చదివి చూడండి, సాధారణంగా 5 సెకన్ల వరకు పడుతుంది. యానిమేషన్ వచ్చిపోయే సమయం దానికి అదనం. తర్వాత ఎగుమతి చేసిన ఫైల్‌ను ఫోన్‌లో ఒకసారి, ఇంట్లో టీవీలో గదికి అవతలి గోడ దగ్గర నిలబడి ఒకసారి చూడండి. ఈ వీడియోను ముందు చూడని ఒకరిని పక్కన కూర్చోబెట్టి, పట్టీ వెళ్లిపోయాక పేరు అడగండి.

న్యూస్ చానెళ్లలో విజ్‌ఆర్‌టీ, వాస్ప్3డీ వంటి ప్రసార గ్రాఫిక్స్ వ్యవస్థలలో ఒకరు నమూనా కడతారు, షిఫ్టులో ఉన్న ఆపరేటర్లు అందులో పేర్లు టైపు చేస్తారు. చాలామందికి మొదటి ఉద్యోగం ఆ రెండో రకంలో దొరుకుతుంది, పేరు తప్పు పడకుండా వేగంగా టైపు చేయగలగడమే అక్కడ మొదటి పరీక్ష. ఇంకొకరు వాడినా చెడని నమూనాను కట్టగలరని చూపిస్తే మొదటి రకం పనికి దారి తెరుచుకుంటుంది. చిన్న స్టూడియోలు కేవలం టైటిళ్ల కోసం ఒకరిని పెట్టుకోవు కాబట్టి, ఎడిటింగ్ కూడా చేతిలో ఉంచుకోండి.

స్టూడియోకు ఈసారి పంపేటప్పుడు నిమిషన్నర రీల్‌తో పాటు మూడు వస్తువులు జతచేయండి: ఆరు టైటిల్ కార్డులనూ ఒకే చిత్రంలో పక్కపక్కన పేర్చిన షీట్; అన్నిటికంటే పొట్టి పేరు, అన్నిటికంటే పొడవు పేరు, వత్తులు ఎక్కువున్న పేరు అనే మూడింటితో ఒకే లోయర్ థర్డ్; సురక్షిత హద్దులు, ఆధారరేఖలు గీసి కొలతలు రాసిన ఒక పేజీ. వారు అడిగితే ఇవ్వడానికి, ప్రీమియర్ ప్రోలో పేర్లు మార్చి వాడుకోగల నమూనా అయిన `.mogrt` ఫైల్ సిద్ధంగా ఉంచుకోండి, దానిని పంపేముందు ఆ ఫాంట్ లేని మరొక కంప్యూటర్‌లో తెరిచి ఏమవుతుందో చూడండి.