టెక్ సందేహాలు: రావాల్సిన బాకీలు రెండింతలయ్యాయి!

ప్రశ్న: కొత్త అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ముందు ట్రయల్ బ్యాలెన్స్ మొత్తం ఎక్కించాను. తర్వాత వసూలు కావాల్సిన బిల్లులు, మేం కట్టాల్సిన బిల్లులు, స్టాక్ ఇంపోర్ట్ చేశాను. రావాల్సిన బాకీలు 3,50,000 ఉండాలి, 7,12,000 చూపిస్తోంది. ఈ ఏడాది ఒక్క బిల్లూ కొట్టకముందే అమ్మకాలు కనిపిస్తున్నాయి. కొన్ని సరుకులు మైనస్‌లో ఉన్నాయి. అంతా తీసేసి మళ్లీ మొదలుపెట్టాలా?

జవాబు: తీసేయండి. కొత్త ఏడాది పద్దులు ఇంకా పడలేదు కాబట్టి అదే సులువు. తప్పు మీద తప్పు సర్దుతూ జర్నల్ ఎంట్రీలు రాస్తూ పోతే, రెండు నెలలయ్యాక ఏది అసలో ఏది సర్దుబాటో మీకే అంతుపట్టదు.

బాకీల మొత్తం ట్రయల్ బ్యాలెన్స్‌తో ఒకసారి లోపలికి వచ్చింది. అదే డబ్బు బిల్లు బిల్లుగా మళ్లీ వచ్చింది. పైగా వాటిని మామూలు అమ్మకం బిల్లులుగా ఎక్కించారు. సాఫ్ట్‌వేర్‌కి అవి పాతవని ఎలా తెలుస్తుంది? కస్టమర్‌కి డెబిట్ వేసి, అమ్మకాలకూ పన్నుకూ క్రెడిట్ ఇచ్చి, గోదాంలోంచి సరుకు తగ్గించేసింది. ఎప్పుడో అమ్మేసిన సరుకు మళ్లీ అమ్ముడైంది. మైనస్ స్టాక్ అందుకే.

అందుకని మూడింటిని, అంటే రావాల్సిన బాకీలు, ఇవ్వాల్సిన బాకీలు, స్టాక్, ట్రయల్ బ్యాలెన్స్‌తో కలిపి ఎక్కించకండి. అవి తమ వివరాలతోనే రావాలి. ఎక్కించే ప్రతి పద్దుకూ అవతలి వైపు ఒక తాత్కాలిక ఖాతా ఉండాలి. క్విక్‌బుక్స్‌లో ఇది Opening Balance Equity పేరుతో కనిపిస్తుంది, జోహో బుక్స్‌లో Opening Balance Adjustments, ఈఆర్‌పీనెక్స్ట్‌లో Temporary Opening. పేరేదైనా పని ఒకటే. అంతా ఎక్కాక ఆ ఖాతా సున్నా కావాలి.

మీ ట్రయల్ బ్యాలెన్స్ అంకెలతోనే చూద్దాం. బ్యాంకు 2,40,000, ఆస్తులు 1,60,000 డెబిట్. కట్టాల్సిన పన్ను 20,000, మూలధనం 9,50,000 క్రెడిట్. ముందు ఈ నాలుగే ఎక్కించండి. డెబిట్ 4,00,000, క్రెడిట్ 9,70,000 కాబట్టి తేడా 5,70,000 తాత్కాలిక ఖాతాలో డెబిట్‌గా నిలుస్తుంది. అంత పెద్ద అంకె చూసి టెన్షన్ పడొద్దు. మూడు విడతల్లో అది కరిగిపోతుంది. రావాల్సిన బాకీలు 3,50,000 ఎక్కితే 2,20,000కి దిగుతుంది. ఇవ్వాల్సిన 2,80,000 ఎక్కితే 5,00,000కి పెరుగుతుంది. స్టాక్ 5,00,000 పడగానే సున్నా.

బిల్లులు ఎక్కించే పద్ధతిలోనే అసలు కిటుకు ఉంది. ఒక్కో పాత బిల్లుకు ఒక్కటే లైను రాయండి. అందులో స్టాక్ ఐటమ్ ఉండకూడదు, పన్ను ఉండకూడదు, మొత్తం తాత్కాలిక ఖాతాకే పోవాలి. బిల్లు 50,000, అందులో 20,000 వసూలైంది అనుకోండి, 30,000కే ఎక్కించాలి. బిల్లు నంబరు, బిల్లు తేదీ, గడువు తేదీ మాత్రం పాతవే ఉంచండి. అన్నిటికీ ఒకే తేదీ వేస్తే ఆరు నెలల మొండి బాకీ కూడా నిన్నటి బిల్లులా కనిపిస్తుంది. ఇంపోర్ట్ ఫైల్‌లో ఖాతా ఎంచుకునే వీలు లేకపోతే, ‘పాత బాకీ’ అని స్టాక్ లెక్క లేని ఒక సర్వీస్ ఐటమ్ తయారుచేసి, దాని ఆదాయ ఖాతాగా తాత్కాలిక ఖాతాను పెట్టండి. దీనికో పరిమితి ఉంది. పాత బిల్లు తాలూకు సరుకు రేపు వాపసు వస్తే, దాని పన్ను, స్టాక్ ఆ బిల్లులో ఉండవు కాబట్టి క్రెడిట్ నోట్‌లో మీరే చేత్తో రాయాలి.

ఇక 7,12,000 సంగతి. బాకీలు కేవలం రెట్టింపైతే 7,00,000 రావాలి. అదనంగా వచ్చిన ఆ 12,000 ఇంకో తప్పును చూపిస్తోంది. మీ బిల్లుల మొత్తం 3,62,000, లెడ్జర్‌లో 3,50,000. ఇలాంటి తేడాకి నాకు ఎక్కువగా తగిలే కారణం ఒకటే: ఎవరో కస్టమర్ ఇచ్చిన అడ్వాన్సు ఏ బిల్లుకూ సర్దకుండా ఉండిపోవడం. లెడ్జర్ దాన్ని తీసేసి నికరంగా చూపిస్తుంది. బిల్లుల జాబితాలో అది కనిపించదు. పాత సాఫ్ట్‌వేర్‌లో సర్దని వసూళ్ల రిపోర్టు తీస్తే దొరుకుతుంది. దొరికాక దాన్ని మామూలు రసీదుగా రాయకండి, రాస్తే బ్యాంకులో 12,000 పెరిగిపోతుంది. తాత్కాలిక ఖాతాకి డెబిట్, కస్టమర్‌కి క్రెడిట్ వేయాలి.

రిపోర్టు ఏ తేదీ నాటిదో కూడా చూసుకోండి. చాలామంది కొత్త సాఫ్ట్‌వేర్‌కి మారిన పదిరోజులకు పాతదాంట్లోంచి బిల్లుల జాబితా దించుకుంటారు. ఈలోగా వసూలైన బిల్లులు అందులో ఉండవు, మొత్తం తగ్గిపోతుంది. నేనూ ఓసారి ఇలాగే చేసి ఒక పూటంతా లేని బిల్లుల కోసం వెతికాను. ఓపెనింగ్ తేదీకి ముందు రోజు నాటికి అని తేదీ అడిగే రిపోర్టే తీయాలి.

స్టాక్‌లో వచ్చే తేడాలు సాధారణంగా చిన్నవి, కానీ చికాకు పెడతాయి. ఒక సరుకు 3,000 నగాలు, విలువ 1,25,000 ఉందనుకోండి. ఒక్కోటి 41.666... పడుతుంది. రెండు దశాంశాలే ఒప్పుకునే సాఫ్ట్‌వేర్ 41.67 తీసుకుని 1,25,010 చేస్తుంది. తాత్కాలిక ఖాతాలో 10 మిగులుతుంది. సరాసరి ధర పద్ధతిలో లెక్క కడుతున్నట్టయితే రెండు లైన్లుగా విడగొట్టండి: 2,000 నగాలు 41.67 చొప్పున 83,340, మిగతా 1,000 నగాలు 41.66 చొప్పున 41,660. కలిపితే సరిగ్గా 1,25,000. స్టాక్ ఎక్కించేటప్పుడు అవతలి ఖాతాగా ఏది పడుతోందో కూడా చూడండి. కొన్నిట్లో ‘స్టాక్ సర్దుబాటు’ అనే ఖర్చు ఖాతా దానంతటదే ఎంపికై ఉంటుంది. అలాగే వదిలేస్తే స్టాక్ విలువంతా ఈ ఏడాది లాభంలో కలుస్తుంది.

సున్నా వచ్చిందని వెంటనే సంతోషించకండి. ఒక కస్టమర్ బిల్లు పొరపాటున ఇంకొకరి పేరున పడినా మొత్తం మారదు. అందుకే కస్టమర్ వారీగా, సప్లయర్ వారీగా, సరుకు వారీగా పాత, కొత్త రిపోర్టులు పక్కపక్కన పెట్టి చూడాలి. ఆ పని అయ్యాక ఓపెనింగ్ తేదీ వరకు పద్దులకు లాక్ వేయండి.

ప్రశ్న: అన్నీ కలిశాయి, లాక్ కూడా వేశాం. ఇప్పుడు ఆడిటర్ పోయిన ఏడాది తరుగుదల 15,000 పెంచారు. ఓపెనింగ్ మళ్లీ ఎక్కించాలా?

జవాబు: అక్కర్లేదు. లాక్ తీసి, ఓపెనింగ్ తేదీతో ఒక్క జర్నల్ ఎంట్రీ వేయండి: మూలధనం లేదా నిలవ లాభాల ఖాతాకి 15,000 డెబిట్, ఆస్తుల ఖాతాకి 15,000 క్రెడిట్. తరుగుదల ఖర్చు ఖాతా జోలికి వెళ్లకండి. ఆ తేదీ కొత్త ఏడాది మొదటి రోజైతే ఖర్చు ఈ ఏడాదికి పడుతుంది. తాత్కాలిక ఖాతానూ ముట్టుకోవద్దు, సున్నాగానే ఉండనివ్వండి. సవరించిన ట్రయల్ బ్యాలెన్స్ ఆడిటర్ దగ్గర తీసుకుని, కొత్తదానితో పోల్చి చూసి మళ్లీ లాక్ వేసేయండి.