మూడొకట్ల ఆరు

సీతమ్మధార,
విశాఖపట్నం.

అమ్మా,

నీ వ్యాసం అందింది. మూడో తరగతి చదివే మీ పాప ఏడో ఎక్కం దగ్గర తడబడుతోందని, గోడకు అంటించడానికి ఎక్సెల్‌లో ఒక్క ఫార్ములాతో ఎక్కాల పట్టిక చేసిచ్చానని రాశావు. బాగుంది. కానీ ఆ తర్వాత "డాలర్ గుర్తులు తప్పనిసరి, ఎందుకో ఇప్పుడు అనవసరం" అన్నావు చూడు, అది చదివాకే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

నువ్వు చెప్పిన ఏర్పాటు సరైనదే. A2 నుంచి A11 దాకా నిలువుగా 1 నుంచి 10, B1 నుంచి K1 దాకా అడ్డంగా 1 నుంచి 10. ఇక B2లో:

```
=$A2*B$1
```

ఆ గడి మూలనున్న చిన్న చతురస్రం పట్టుకుని K2 దాకా లాగి, ఆ వరుస ఎంపికలో ఉండగానే K11 దాకా కిందికి లాగితే వంద గడులూ నిండుతాయి. ఎందుకు నిండాయో చెప్పకపోతే, రేపు పట్టికను వేరే చోట మొదలుపెట్టాల్సి వచ్చినప్పుడు నీ పాఠకురాలు మళ్ళీ నీకే ఫోన్ చేస్తుంది.

ఫార్ములాను లాగినప్పుడు అందులోని గడుల పేర్లూ దాంతోపాటే జరుగుతాయి. కుడికి లాగితే అక్షరం మారుతుంది, కిందికి లాగితే అంకె మారుతుంది. ఒక సంఖ్య ఎప్పుడూ A నిలువు నుంచే రావాలి, ఇంకోటి ఎప్పుడూ 1వ వరుస నుంచే రావాలి. అందుకని కదలకూడనిదాని ముందు డాలర్ పెడతాం: A ముందు ఒకటి, 1 ముందు ఒకటి. ఇంతే కదా, నాలుగు వాక్యాలు. వీటికి చోటు లేదా?

ద్వారకానగర్‌లో ఒక మేడ మీద కంప్యూటర్ పాఠాలు చెప్పే రోజుల్లో ఓసారి రెండో డాలర్ మరిచిపోయి `=$A2*B1` అని కొట్టాను. మొదటి వరుస 1 నుంచి 10 దాకా చక్కగా వచ్చింది. రెండోది 2 నుంచి 20, అదీ సరే. "చూశారా" అని బల్ల మీద చేయి కూడా చరిచాను. వెనక కూర్చున్న కుర్రాడు లేచి, "సార్, మూడొకట్ల ఆరా?" అన్నాడు. మూడో వరుస 6, 12, 18 అని నడుస్తోంది. K11లో 100 ఉండాల్సిన చోట 36288000.

జరిగిందేమిటంటే, కిందికి దిగేకొద్దీ ఫార్ములా 1వ వరుసను వదిలేసి, తన నెత్తి మీదున్న గడిని తీసుకుంటోంది. B3కి పైన B2లో 1 ఉంది, తలవరుసలోనూ 1 ఉంది, కాబట్టి అక్కడ తప్పు కనపడలేదు. B4కి పైన B3లో 2 ఉంది, మూడు రెళ్ళు ఆరయింది. రెండు వరుసలు సరిగ్గా వచ్చి మూడో వరుసలో బయటపడే తప్పు ఇది. పైపైన చూసి ప్రింటు తీసేవాళ్ళను ఇదే ముంచుతుంది.

ఆ తప్పు పట్టికతోనే మొదలుపెట్టి ఒక వ్యాసం రాసి పంపితే, ఒక సంపాదకుడు దాన్ని కొట్టేశాడు. "తప్పు అచ్చువేస్తే పాఠకుడు తప్పే నేర్చుకుంటాడండీ" అన్నాడు. నేను నేర్చుకున్నది ఆ తప్పు వల్లనే అంటే వినడే! ఇప్పుడు వచ్చేవన్నీ "రెండు నిమిషాల్లో" వ్యాసాలే. నీ శీర్షిక కూడా అదే, మార్చు.

ఇంకోటి. "F4 నొక్కితే డాలర్ వస్తుంది" అని రాశావు. ఒక్కసారి నొక్కితే `$A$2` వస్తుంది, అంటే రెండూ బిగుసుకుంటాయి. రెండో పేరుకూ అలాగే చేస్తే వంద గడుల్లోనూ 1 వస్తుంది. A2 మీద మూడుసార్లు, B1 మీద రెండుసార్లు నొక్కాలి. కొన్ని లాప్‌టాప్‌లలో Fn కూడా పట్టుకోవాలి. ఈ గోలంతా ఎందుకు, Shift పట్టుకుని 4 నొక్కి డాలర్ టైప్ చేయమను. నేను ఇప్పటికీ అంతే.

సరిచూడటం గురించి నీ వ్యాసంలో ఒక్క మాటా లేదు. B2 నుంచి K11కి ఏటవాలుగా చూడమను: 1, 4, 9, 16 అని పోయి 100 దగ్గర ఆగాలి. నా తప్పు ఇక్కడ D4లోనే దొరికేది, 9 బదులు 18 ఉండేది. తర్వాత K11 మీద నొక్కితే పైన `=$A11*K$1` కనపడాలి. ఆ రెండూ కుదిరాకే ప్రింటు.

ఏ పత్రికకు పంపాలి, ఎంత ఇస్తారు అని అడిగావు. అది మరోసారి మాట్లాడుకుందాం. ముందు నీ ఫార్ములాలో రెండో డాలర్ తీసేసి లాగి, ఆ బొమ్మ వ్యాసం మొదట్లో పెట్టు. B4కి ఎర్ర రంగు వెయ్యి. పంపే ముందు మీ పాపకు చూపించి, తప్పెక్కడుందో అడుగు. ఎంతసేపట్లో పట్టుకుందో నాకు రాయి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు