ఆఫీసు గొడవ రాత్రి మంచం మీద మళ్లీ మొదలవుతుంటే...

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 36 ఏళ్లు. మా మేనేజర్‌తో మాటామాటా అనుకున్న రోజు పడుకుంటే చాలు, ఆ గొడవంతా మొదటి నుంచి మళ్లీ నడుస్తుంది. 'అప్పుడు ఇలా అనాల్సింది' అనుకుంటూనే ఒంటిగంట, రెండు అయిపోతుంది. అయిదు నెలలుగా వారానికి నాలుగు రోజులు ఇదే పరిస్థితి. ఆలోచించకూడదని ఎంత అనుకున్నా ఆగట్లేదు. నిద్రమాత్ర వేసుకోవచ్చా?

జవాబు: ముందు మాత్ర సంగతి చెప్పేస్తాను. సొంతంగా కొనుక్కుని మాత్రం వేసుకోకండి. ఆల్ప్రాజోలం లాంటివి వేసుకున్న రాత్రి నిద్ర పడుతుంది, కాదనను. కానీ కొన్ని వారాలకు ఒంటికి అలవాటైపోతుంది, ఆపిన రోజు మునుపటికంటే ఎక్కువ మెలకువగా ఉంటారు. వారానికి మూడు రోజులు, మూడు నెలలు దాటిందంటే మేం దాన్ని దీర్ఘకాలిక నిద్రలేమి అంటాం, మీది ఆ లెక్కలోకి వచ్చేసింది. దానికి మొదటి వైద్యం మాత్ర కాదు, నిద్ర కోసమే ప్రత్యేకంగా చేసే బిహేవియర్ థెరపీ. అందులో మీకు పనికొచ్చే ముక్కలు ఇక్కడ చెబుతాను.

'ఆలోచించకూడదు' అనుకోవడమే మీరు చేస్తున్న మొదటి పొరపాటు. 1987లో డేనియల్ వెగ్నర్ అనే సైకాలజిస్టు కొంతమందిని కూర్చోబెట్టి, తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించొద్దు, ఒకవేళ గుర్తొస్తే గంట కొట్టండి అన్నాడు. ఇక గంట మోగుతూనే ఉంది. ఏది రాకూడదో అది వచ్చిందా లేదా అని కాపలా కాయాలంటే మనసు దాన్నే తలుచుకోవాలి కదా. మీ మేనేజర్ విషయంలోనూ అంతే.

ఇంకో చిక్కు ఏమిటంటే, రాత్రి చేసే ఈ నెమరువేత అచ్చం సమస్యను పరిష్కరిస్తున్నట్టే అనిపిస్తుంది. నిజానికి అక్కడ జరిగేది కోర్టు వాయిదా: మీరే వకీలు, మీరే జడ్జి, అవతలివాడి మాటలు కూడా మీరే చెబుతుంటారు, తీర్పు మాత్రం రాదు. గుండె దడ, కోపం నిజంగానే వచ్చేస్తాయి, ఆ ఊపులో ఒళ్లు నిద్రకు ఒప్పుకోదు. కాబట్టి ఆ కేసును మంచం ఎక్కక ముందే, సాయంత్రం పూట, కాగితం మీద వినేయాలి.

నా దగ్గరికి వచ్చిన ఒకావిడ సంగతి చెబితే మీకు తేలిగ్గా అర్థమవుతుంది. అకౌంట్స్‌లో పని చేస్తారు. మీటింగులో అందరి ముందు పైఅధికారి "నీ వల్లే రిపోర్టు ఆలస్యమైంది" అన్నాడు, అదే మాట పది రాత్రులు తిరిగింది. పడుకోవడానికి రెండు మూడు గంటల ముందు, పడకగది బయట కూర్చుని, పదిహేను నిమిషాలు రాయమన్నాను. మొదటిరోజు నాలుగు పేజీలు రాశారు, అంతా ఆయన మీద అభియోగపత్రమే! రాసిన తర్వాత ఇంకా రగిలిపోయి ఆ రాత్రి అసలు పడుకోలేదు. తప్పు నాదే, ఎలా రాయాలో సరిగ్గా చెప్పలేదు.

రెండోసారి పేజీకి నిలువుగా గీత గీయించాను. ఎడమ పక్కన ఏం జరిగిందో, కెమెరాలో రికార్డయితే ఎంత కనిపిస్తుందో అంతే, రెండు మూడు లైన్లు. కింద ఏ మాట గుచ్చుకుందో ఒక్క లైను. ఆవిడ రాసింది 'అందరి ముందు అన్నాడు' అని. గమనించారా, ఆలస్యం అన్నందుకు కాదు బాధ, అందరి ముందు అన్నందుకు. కుడి పక్కన తర్వాతి అడుగు, అదీ చిన్నది, సమయంతో సహా: 'రేపు పదకొండు తర్వాత విడిగా కలిసి, డేటా నాకు ఎప్పుడు అందిందో ఆ మెయిల్ చూపిస్తాను, ఇకపై ఇలాంటివి విడిగా చెప్పమని అడుగుతాను.' అంతే. ఒక్కోసారి చేయడానికి ఏమీ ఉండదు, అప్పుడు 'ఇందులో ఇప్పుడు నా చేతిలో ఏమీ లేదు, శుక్రవారం మళ్లీ చూస్తాను' అని రాసుకోవాలి. తర్వాత కాగితం మడిచి ఆఫీసు బ్యాగులో పెట్టేయడమే.

మీరు దారి తప్పారో లేదో తెలుసుకోవడం సులువు. ఒకే వాక్యం రెండోసారి రాస్తున్నా, 'ఎందుకు అన్నాడు, ఎందుకు నాకే' అని ప్రశ్నలు మొదలైనా, అది మళ్లీ నెమరే. పెన్ను కింద పెట్టి నేరుగా కుడి పక్కకు వెళ్లండి. ఆ టైములో ఆయనకు మెయిల్ మాత్రం రాయకండి, డ్రాఫ్ట్ కూడా వద్దు, ఎందుకంటే అది మంచం మీద కూడా ఎడిట్ అవుతూనే ఉంటుంది (అనుభవంతో చెబుతున్నా).

ఇంత చేసినా పడుకున్నాక గొడవ గుర్తొస్తుంది. వస్తే తరమొద్దు, 'రాసేశాను, బ్యాగులో ఉంది' అనుకుని మనసుకు వేరే పని ఇవ్వండి. వాదన నడిచేది మాటల్లో కాబట్టి మాటలకే పని చెప్పాలి. 'పడవ' లాంటి ఏ సంబంధమూ లేని పదం ఒకటి తీసుకోండి. 'ప'తో మొదలయ్యేవి: పలక, పావురం, పందిరి... ఒక్కోదాన్ని కొన్ని సెకన్లు కళ్ల ముందు బొమ్మలా చూడండి, ఇక తట్టకపోతే 'డ'కు వెళ్లండి, డప్పు, డబ్బా, ఆ తర్వాత 'వ'. పదాల మధ్య కథ అల్లకూడదు, కిటుకంతా అక్కడే ఉంది. నిద్రలోకి జారేముందు మనసులో వచ్చేవి కూడా ఇలాంటి తెగిన బొమ్మలే. అందరికీ పనిచేస్తుందని మాటివ్వలేను గానీ, ఖర్చు లేదు, నష్టమూ లేదు.

సుమారు ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే, లేదా చిరాకు మొదలైతే అంతకుముందే, లేచి బయటికి రండి. గడియారం చూసి కాదు, అంచనాగా. అసలు గడియారాన్ని గోడవైపు తిప్పేయండి. తక్కువ వెలుతురులో కూర్చుని ఏదైనా చప్పగా ఉండేది చదవండి, ఫోన్ మాత్రం వద్దు, ఆఫీసు గ్రూపు దాన్లోనే ఉంది కదా. అలసట వేరు, నిద్ర రావడం వేరు. రెప్పలు వాలుతూ, చదివిన లైనే మళ్లీ చదువుతుంటే అప్పుడు వెళ్లి పడుకోండి. అవసరమైతే రాత్రికి మూడుసార్లయినా సరే. మంచం అంటే వాదించే చోటు అని అయిదు నెలలుగా మీ ఒంటికి నేర్పారు, దాన్ని మరిపించడానికే ఇదంతా. ఎంత ఆలస్యంగా పడుకున్నా ఉదయం లేచే టైము మార్చకండి.

మొదటి వారం నిద్ర ఇంకా తగ్గొచ్చు, చాలామంది ఇక్కడే మానేస్తారు. ఆ రోజుల్లో మత్తుగా ఉంటే బండి నడపకండి. ఆవిడకు మూడో వారానికి తేడా తెలిసింది. గొడవ గుర్తురావడం ఆగలేదు, కానీ అరగంటలోపే నిద్ర పట్టేది.

తెల్లవారుజామున మూడు నాలుగుకే మెలకువ వచ్చి రెండు వారాలుగా దేని మీదా ఆసక్తి లేకపోయినా, గట్టి గురకతో మధ్యలో ఊపిరి ఆగుతోందని ఇంట్లోవాళ్లు చెప్పినా, తక్కువ నిద్రతోనే విపరీతమైన హుషారు ఉంటున్నా ఈ పద్ధతుల మీద ఆధారపడకుండా డాక్టర్‌ను కలవండి. చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే ఆ రోజే వెళ్లాలి. ఇంకో మాట, మీ మేనేజర్ మిమ్మల్ని తరచూ బెదిరిస్తున్నాడా, అవమానిస్తున్నాడా? అయితే అది నిద్ర సమస్య కాదు. కుడి పక్కన రాయాల్సిన అడుగు హెచ్‌ఆర్‌కు తేదీలతో సహా ఫిర్యాదు.

నాలుగు వారాలు చేశాక కూడా ఇలాగే ఉంటే, చివరి రెండు వారాలు ఎన్నింటికి పడుకున్నారో, సుమారు ఎప్పుడు నిద్ర పట్టిందో, ఎన్నింటికి లేచారో ఉదయం పూట రాసుకుని ఆ కాగితంతో సైకియాట్రిస్టు దగ్గరికి గానీ స్లీప్ క్లినిక్‌కు గానీ వెళ్లండి. మాత్ర కావాలా వద్దా, కావాలంటే ఎన్ని రోజులు అన్నది అప్పుడు వాళ్లు చూసి చెబుతారు.