గమ్‌బూట్లు చేలో పనికొస్తాయా?

మాది అమలాపురం దగ్గర. నాన్నగారు ఉత్తికాళ్లతోనే చేలోకి దిగుతారు. గమ్‌బూట్లు కొంటే బురదలో నడవగలరా? పాముల నుంచి కాపాడతాయా?

గట్ల మీదా, బోదెల పక్కనా, కోతల్లోనూ వేయించండి. దమ్ము చేసిన మడిలో మాత్రం అవి పనికిరావు. అడుగు ఎత్తగానే బురద బూటును కిందికి లాగేస్తుంది, కాలు ఒక్కటే పైకొస్తుంది. ఊడ్పులకు పిక్కకు బిగుతుగా పట్టే మెత్తటి రబ్బరు బూట్లు దొరికితే మేలు.

పాము ఎక్కువగా పాదం మీదో, చీలమండ దగ్గరో కరుస్తుంది. గట్టులో ఎలుక కన్నాలుంటే వాటికోసం పాములూ వస్తాయి. అందుకే మోకాలి కింద దాకా వచ్చే మందపాటి బూటు తీసుకోండి. రక్తపింజర కోరలు పొడవు, పల్చటి రబ్బరును నమ్మలేం. బూటు మీదుగా వదులు ప్యాంటు వేలాడితే ఇంకొంత అడ్డు. బూటున్నా గడ్డిలో ముందు కర్రతో తట్టాల్సిందే.

కొనేటప్పుడు నూలు మేజోళ్లతో తొడిగి నడిపించి చూడండి. మడమ లోపల పైకీ కిందికీ జారితే సైజు పెద్దదన్నమాట.

లోపలికి నీళ్లు చేరితే వెంటనే విప్పి ఒంపేయాలి. నానిన చర్మం ఒరిసిపోతే ఆ పుండులోంచి ఎలుక మూత్రం కలిసిన నీటితో ఎలుక జ్వరం రావచ్చు. చేలో పనిచేసిన కొద్దిరోజులకు జ్వరంతో పాటు పిక్కలు బాగా నొప్పెడితే, నీళ్లలో దిగిన సంగతి డాక్టరుకు చెప్పండి. రాత్రి బూట్లను తలకిందులుగా పెట్టి, పొద్దున దులిపి తొడగమనండి, తేళ్లు దూరుతుంటాయి.