డిస్కు ఉన్న ప్లేస్టేషనా, లేనిదా?

*ప్రశ్న: మాది అమలాపురం. ప్రైవేటు స్కూల్లో టీచరుని. మా అబ్బాయి భీమవరంలో ఇంజనీరింగ్ చదువుతూ శని, ఆదివారాలు ఇంటికొస్తాడు. చీటీ పాడితే రూ. 60,000 వచ్చాయి, వాడికి పీఎస్5 కొందామనుకుంటున్నా. డిస్కు లేనిది పది వేలు తక్కువట. ఆ పది వేలు మిగుల్చుకోవడం తెలివైన పనేనా?*

మేడమ్, పీఎస్5 స్లిమ్ 2024 ఏప్రిల్‌లో మన దేశానికి వచ్చినప్పుడు డిస్కు ఉన్నది రూ. 54,990, లేనిది రూ. 44,990. ఇప్పటి ధర షాపులో అడగండి. తేడా ఇంచుమించు పది వేలే అనుకుని లెక్క వేద్దాం.

ఆ పది వేలు గిట్టుబాటు అవుతాయో లేదో తేల్చేది మిషను కాదు, మీవాడి అలవాటు. ఆడేసిన గేమ్‌ని వాడు అమ్ముతాడా, అలమరలో పెడతాడా? ఇది ముందు అడగండి.

ఏడాదికి నాలుగు కొత్త గేమ్‌లు కొంటాడనుకుందాం. పెద్ద గేమ్ విడుదలైన రోజున దాదాపు ఐదు వేలు ఉంటుంది. డిస్కు కొని, నెలలో ఆడేసి, కొరియర్ ఖర్చు పోను మూడు వేలకు అమ్మితే ఒక్కో గేమ్‌కి పోయింది రెండు వేలు, ఏడాదికి ఎనిమిది వేలు. అవే ఆన్‌లైన్ స్టోర్‌లో కొంటే ఇరవై వేలు. అంటే ఏడాది తిరిగేలోపే డిస్కు పెట్టే డ్రైవ్‌కి అదనంగా ఇచ్చిన డబ్బులు వచ్చేసినట్టే. అదే, తొందర లేకుండా స్టోర్‌లో సేల్ పెట్టేదాకా ఆగి ఒక్కోటి రెండున్నర వేలకు కొనే కుర్రాడైతే ఏడాదికి పది వేలతో సరిపోతుంది. అప్పుడు డిస్కు వల్ల మిగిలేది రెండు వేలే, డ్రైవ్ ఖర్చు రాబట్టడానికి ఐదేళ్లు పడుతుంది. ఇక డిస్కులు కొని అమ్మనివాడికి ఆ పది వేలు తిరిగి రావడం కష్టం. (అమ్మకపు ధర నా ఊహే; గేమ్‌ని బట్టి, నెలని బట్టి మారిపోతుంది.)

ఫుట్‌బాల్ గేమ్ విషయంలో ఒక జాగ్రత్త. ఏటా సెప్టెంబరు చివర్లో కొత్తది వస్తుంది, అది రాగానే పాత డిస్కుని అడిగేవాడుండడు. అమ్మేది ఉంటే జులైలోనే అమ్మేయాలి. ఇలాంటివి మన ఊళ్లో అమ్ముడుపోవడం కష్టం గానీ, భీమవరం హాస్టల్లో కొనేవాళ్లు, మార్చుకునేవాళ్లు దొరుకుతారు. మీవాడికి అసలు లాభం అక్కడే. స్టోర్‌లో కొన్న గేమ్ మాత్రం అకౌంట్‌కి అతుక్కుని ఉంటుంది. దాన్ని అమ్మలేరు, మిషను అమ్మినా కొన్నవాడికి గేమ్‌లు వెళ్లవు.

డిస్కు ఉంటే స్టోరేజ్ కలిసొస్తుందని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. డిస్కు పెట్టినా గేమ్ మొత్తం మిషను లోపలి స్టోరేజ్ అయిన ఎస్‌ఎస్‌డీలోకి కాపీ అవుతుంది, ఆడుతున్నంతసేపూ డిస్కు కూడా లోపలే ఉండాలి. ఒక టీబీ అని రాసినా మన చేతికొచ్చేది సుమారు 840 జీబీ. వంద జీబీ గేమ్‌లు ఎనిమిది పెడితే నిండిపోతుంది. తేడా అంతా డౌన్‌లోడ్‌లో ఉంది: వంద జీబీకి 30 ఎంబీపీఎస్ లైన్ మీద ఏడు గంటల పైనే పడుతుంది. శనివారం సాయంత్రం దిగిన కుర్రాడికి ఆ రాత్రి అక్కడే పోతుంది. డిస్కు ఉంటే ఆ భారం చాలావరకు తగ్గుతుంది, అప్‌డేట్లు మాత్రం తప్పవు. కొన్ని డిస్కుల్లో పూర్తి గేమ్ ఉండదు కూడా.

పదేళ్ల తర్వాత సంగతి? నింటెండో తన పాత గేమ్ మిషన్లు వీ యూ, 3డీఎస్‌ల ఆన్‌లైన్ స్టోర్లలో అమ్మకాలు 2023 మార్చిలో ఆపేసింది, మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ 360 స్టోర్ 2024 జులైలో మూసింది. అప్పటికే కొన్నవాళ్లు మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోవచ్చన్నారు, కానీ కొత్తగా కొనే దారి పోయింది. పీఎస్5లో డిస్కు డ్రైవ్ ఉంటే పీఎస్4 డిస్కులు కూడా నడుస్తాయి, చుట్టాల ఇళ్లలో ఉంటే అడిగి తెచ్చుకోండి. పీఎస్3వి మాత్రం ఆడవు.

మీకైతే నేను డిస్కు ఉన్నదే చెబుతాను, మీవాడు అమ్మడానికి ఒప్పుకుంటేనే. వాడు ఆడేది ఉచిత గేమ్‌లూ, సేల్‌లో కొన్నవే అయితే లేనిది తీసుకోండి. స్లిమ్‌కి డ్రైవ్ తర్వాత విడిగా తగిలించుకోవచ్చు, మొదటిసారి జత చేసేటప్పుడు నెట్ ఉండాలి. అయితే విడి డ్రైవ్ మన దగ్గర దొరుకుతుందా, ఎంత పడుతుందో ముందే కనుక్కోండి. 2020 నాటి పాత డిజిటల్ మోడల్‌కి ఆ వీలు లేదు. కాబట్టి ఎవరైనా సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా ఇస్తానంటే వెనక మోడల్ నంబరు చూడండి: CFI-1తో మొదలైతే పాతది, CFI-2 అయితే స్లిమ్.