లామినేషన్ చేసిన మెమోను 200 కేబీలోపు, అక్షరాలు చెడకుండా స్కాన్ చేయడం

ప్రశ్న: డిగ్రీ మార్కుల మెమో లామినేషన్ చేయించి ఉంది. ఫోన్‌తో స్కాన్ చేస్తుంటే యాప్ అంచులు సరిగ్గా పట్టట్లేదు, గది నేల కూడా కలిపి తీసుకుంటోంది. అప్లికేషన్‌లో పీడీఎఫ్ 200 కేబీ దాటకూడదట. సైజు తగ్గిస్తే అక్షరాలు అలికేసినట్టు అవుతున్నాయి, స్టాంపు కనిపించట్లేదు. రేపే ఆఖరు తేదీ, చాలా టెన్షన్‌గా ఉంది. వైజాగ్‌లో ఉంటాను.

జవాబు:

గాజువాకలో మాకు జిరాక్స్, నెట్ సెంటర్ ఉంది. కౌన్సెలింగ్ రోజుల్లో ఇలాంటి మెమోలే ఎక్కువగా వస్తాయి. ముందు ఫొటో మళ్లీ తీయండి. ఇప్పుడున్న ఫొటోను ఎంత కుదించినా మీకు కావలసింది రాదు.

మెమోను నేల మీద పెట్టి తీస్తున్నారని అర్థమైంది. మన అపార్ట్‌మెంట్లలో తెల్ల టైల్సే ఎక్కువ. ఫొటోలో రంగు ఒక్కసారిగా మారే గీతల్ని యాప్ వెతుకుతుంది. వాటిలో నాలుగు పొడవాటి గీతలు కలిసి నాలుగు మూలల బొమ్మగా ఏర్పడితే అదే కాగితం అనుకుంటుంది. తెల్ల కాగితానికి, తెల్ల టైల్‌కు మధ్య తేడా తక్కువ. టైల్స్ అతుకు గీత మాత్రం నల్లగా, తిన్నగా కనిపిస్తుంది కాబట్టి దాన్నే అంచుగా పట్టేస్తుంది. పైగా మీది లామినేషన్. కాగితం చుట్టూ కొంచెం ప్లాస్టిక్ ఉంటుంది కదా, దానికీ ఒక అంచు ఉంది. అందుకే యాప్‌లో గీత ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి గెంతుతుంటుంది.

పువ్వులు, చారలు లేని ముదురు రంగు దుప్పటి ఏదైనా మంచం మీద పరిచి, దాని మీద మెమో పెట్టండి. అప్పుడు అంచు చాలావరకు దానంతటదే దొరుకుతుంది. అయినా యాప్ చూపించిన మూలల్ని అలాగే ఒప్పుకోకండి. నాలుగు చుక్కల్నీ వేలితో జరిపి, కాగితం అంచు మీద కాకుండా ఒక వెంట్రుకవాసి లోపలికి పెట్టండి. బయటికి పెడితే దుప్పటి నలుపు సన్నని పట్టీలా మిగిలిపోతుంది. దాని నేతను దాచడానికి కూడా ఫైల్‌లో చోటు ఖర్చవుతుంది.

నాలుగు మూలల్ని బట్టి వంకరను సరిచేయడం యాప్‌కు సులువే. కానీ ఫోన్‌ను బాగా ఏటవాలుగా పట్టుకుంటే దూరంగా ఉన్న వైపు అక్షరాలు చిన్నగా పడతాయి. యాప్ వాటిని సాగదీస్తుందే తప్ప, లేని వివరాన్ని తేలేదు. కాబట్టి ఫోన్‌ను కాగితానికి నేరుగా పైన, అడుగు ఎత్తులో పట్టుకోండి. ఫ్రేమ్ చుట్టూ కొంత ఖాళీ ఉన్నా పర్వాలేదు. 12 మెగాపిక్సెల్ ఫొటో పొడవు వైపు దాదాపు 4000 పిక్సెల్స్ ఉంటుంది. అందులో ఏ4 కాగితం డెబ్బై శాతం ఆక్రమించినా 2800 వస్తాయి, మన పనికి అంతకంటే అక్కర్లేదు.

ఇక వెలుగు. లామినేషన్ అద్దంలా మెరుస్తుంది, అందుకే ఫ్లాష్ ఆపేయండి. నెత్తి మీది ట్యూబ్‌లైట్ కూడా ఆపి, పగటిపూట కిటికీ పక్కన పెట్టి తీయండి. ఎండ సూటిగా పడకూడదు, వెలుగు పక్క నుంచి రావాలి. బటన్ నొక్కే ముందు స్క్రీన్ మీద తెల్ల మచ్చ ఉందేమో చూడండి. మచ్చ పడ్డ చోట అక్షరం పోయినట్టే, ఏ ఫిల్టరూ దాన్ని వెనక్కి తేలేదు. మెమోను కాస్త తిప్పితే మచ్చ పక్కకు జరిగిపోతుంది. సాయంత్రం మసక వెలుగులో మాత్రం తీయొద్దు. అప్పుడు ఫొటోలో ఇసుక చల్లినట్టు గరుకు వస్తుంది. ఫొటోల్ని కుదించి దాచే జేపెగ్ పద్ధతి ఆ గరుకును కూడా వివరమే అనుకుని దాస్తుంది, దాంతో అదే కాగితం ఎక్కువ కేబీలు తింటుంది.

ఇప్పుడు అసలు కష్టం, 200 కేబీ. మీరు పిక్సెల్స్ తగ్గించకుండా క్వాలిటీ మాత్రమే కిందికి లాగుతున్నారనుకుంటాను. కత్తిరించాక మీ మెమో సుమారు 2800×1980, అంటే 55 లక్షల పిక్సెల్స్. 200 కేబీని అన్నింటికీ పంచితే ఒక్కో పిక్సెల్‌కు దక్కేది చాలా తక్కువ. జేపెగ్ బొమ్మను 8×8 పిక్సెల్స్ గడులుగా విడగొట్టి, ఒక్కో గడిలో సన్న వివరాన్ని ముందు వదిలేస్తుంది. అక్షరాల అంచులు సన్న వివరమే కదా, అందుకే అవి అలికినట్టు అవుతాయి. మెమో అంతటా లేత డిజైన్ అచ్చు వేసి ఉంటే ఆ గీతలు కూడా మీ కేబీల్లో వాటా అడుగుతాయి. మామూలు తెల్ల కాగితం తేలిగ్గా కుదిరిన చోట మెమో కుదరకపోవడానికి కారణం ఇదే.

ముందు కొలత తగ్గించండి. పొడవు వైపు 2120, వెడల్పు 1500 పిక్సెల్స్ పెడితే ఏ4కు అంగుళానికి సుమారు 180 చుక్కలు వస్తాయి. మొత్తం 32 లక్షల పిక్సెల్స్ కాబట్టి ఒక్కోదానికి ఇందాకటి కంటే ఎక్కువే దక్కుతుంది. ఆ తర్వాతే క్వాలిటీ ముట్టుకోండి. 75తో మొదలుపెట్టి అయిదేసి చొప్పున దిగండి. ఈమధ్య ఒకమ్మాయి మెమో ఇలాగే చేశాం. 70 దగ్గర ఇంకా 250 కేబీ పైనే ఉంది, 55కు వచ్చేసరికి 190 లోపల పడింది. నంబర్లన్నీ చక్కగా చదవగలిగాం. 50 కంటే దిగాల్సి వస్తే దిగకండి, కొలతను 1754×1240కి తెచ్చి మళ్లీ 70 నుంచి చూడండి. అంతకంటే చిన్నది చేస్తే ఇంగ్లిష్ అక్షరాలు నిలబడతాయేమో గానీ, తెలుగులో ఒత్తులు ముద్దైపోతాయి. ప్రతిసారీ మొదటి ఫొటో నుంచే చేయండి. కుదించినదాన్నే మళ్లీ కుదిస్తే పోయిన వివరం మీద ఇంకా పోతుంది. ఫొటోను వాట్సాప్‌లో వేరే ఫోన్‌కు పంపాలంటే డాక్యుమెంట్‌గా పంపండి. మామూలు ఫొటోగా పంపితే దారిలోనే ఒకసారి కుదించేస్తుంది.

కంప్యూటర్ అందుబాటులో ఉండి, అందులో ఇమేజ్‌మ్యాజిక్, img2pdf అనే ప్రోగ్రాములు ఉంటే, కత్తిరించిన ఫొటోకు memo.jpg అని పేరు పెట్టి ఈ రెండు లైన్లు నడిపితే చాలు:

```
magick memo.jpg -resize 1500x2120 -define jpeg:extent=190KB out.jpg
img2pdf out.jpg -o memo.pdf
```

మొదటిది 190 కేబీకి సరిపోయే క్వాలిటీని తనే వెతుక్కుంటుంది. రెండోది ఆ బొమ్మను మళ్లీ కుదించకుండా పీడీఎఫ్‌లో పెడుతుంది. పీడీఎఫ్ పైన తొడిగే కవరు లాంటిది, దానికీ కొంచెం బరువు ఉంటుంది. అందుకే 200 అన్నచోట 190 దగ్గర ఆగాలి. మెమో వెనకవైపు కూడా అదే ఫైల్‌లో అడిగితే ఒక్కో పేజీకి 95 లెక్కేసుకోండి.

స్టాంపు మాయమైంది ఫిల్టర్ వల్ల. యాప్‌లోని నలుపు-తెలుపు ఫిల్టర్ ప్రతి చుక్కనూ నలుపో తెలుపో చేసేస్తుంది. లేత ఊదా స్టాంపు, పలచబడిన సంతకం తెలుపు వైపే పోతాయి. అచ్చు అక్షరాలు మాత్రమే ఉన్న ఉత్తరానికి ఆ ఫిల్టర్ బాగుంటుంది గానీ, ధ్రువపత్రానికి పనికిరాదు. రంగులోనే ఉంచండి. గ్రే చేసినా అనుకున్నంత తగ్గదు, ఎందుకంటే జేపెగ్ రంగుల వివరాన్ని మామూలుగానే తక్కువ కొలతలో దాస్తుంది.

అప్‌లోడ్ చేసే ముందు పీడీఎఫ్ తెరిచి బాగా జూమ్ చేయండి. హాల్‌టికెట్ నంబర్‌లో 3, 8 విడివిడిగా తెలుస్తున్నాయా, స్టాంపులో తేదీ చదవగలుగుతున్నారా చూడండి. అప్‌లోడ్ అయ్యాక సైట్‌లో ప్రివ్యూ ఉంటే అది కూడా తెరవండి, కొన్ని సైట్లు తమ వైపు మళ్లీ కుదిస్తాయి. ఆఖరు రోజు రాత్రి సర్వర్ మొరాయిస్తుంది, అందుకని పొద్దున కిటికీ వెలుగు రాగానే ఫొటో తీసి మధ్యాహ్నంలోపు పంపేయండి.